టూ కాలమ్ ప్రూఫ్ అనగానే పిల్లలు పెన్ను కింద పెట్టేస్తున్నారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టించాలి?

ఉమ_డాలస్

అందరికీ నమస్కారం. గుంటూరులో కొన్నేళ్లు హైస్కూల్ లెక్కలు చెప్పాను. ఇప్పుడు డాలస్ దగ్గర ఒక హైస్కూల్లో జామెట్రీ చెబుతున్నాను. మా పిల్లలు ఎక్కువగా తొమ్మిదో, పదో గ్రేడు వాళ్లు. కోణం ఎంత, x విలువ ఎంత అని అడిగితే చకచకా చేసేస్తారు. అదే పటం ఇచ్చి, కాగితం మధ్యలో నిలువు గీత గీసి, ఎడమవైపు స్టేట్‌మెంట్స్, కుడివైపు రీజన్స్ రాయమంటే గివెన్ ఒక్కటి దింపుకుని ఆగిపోతారు. కొందరు ఆ కాగితం వైపు చూస్తూ పీరియడ్ అంతా గడిపేస్తున్నారు.

పోయిన వారం ఇచ్చిన లెక్క ఇది. AB, CD అనే రెండు రేఖాఖండాలు M దగ్గర ఖండించుకుంటాయి. AB కి, CD కి కూడా M మధ్యబిందువు. AC ∥ BD అని నిరూపించాలి.

మూడు రకాల పేపర్లు వచ్చాయి. గివెన్ తర్వాత ఖాళీగా ఉన్నవి ఎక్కువ. కొందరు రెండో వరుసలోనే ∠A = ∠B అని రాసి, పక్కన 'ఏకాంతర కోణాలు' అని కారణం ఇచ్చారు. ఇంకొందరు కనిపించిన సమానాలన్నీ రాసేశారు, కానీ ఏది దేని నుంచి వచ్చిందో లేదు. బోర్డు మీద నేను చేస్తుంటే మాత్రం అందరికీ అర్థమవుతుంది. మర్నాడు అక్షరాలు మార్చి అదే లెక్క ఇస్తే మళ్లీ మామూలే.

మెట్టుమెట్టుగా ఎలా ఎక్కించాలో, క్లాసులో చేసి చూసినవాళ్లు చెప్పండి.

వెంకటేశ్వర్లు_సిద్దిపేట

ఉమ గారూ, మా దగ్గర దీనికి ఒక పద్ధతి ఉంది. పదో తరగతి సరూప త్రిభుజాల పాఠంలో థేల్స్ సిద్ధాంతం, పైథాగరస్ సిద్ధాంతం ముఖ్యం. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని నాలుగు శీర్షికలు పెట్టించి, ఒక్కో సిద్ధాంతాన్ని ఐదారుసార్లు చూడకుండా రాయిస్తాను. పరీక్ష నాటికి చేతికి అలవాటైపోతుంది, టెన్షన్ ఉండదు. మీరు కూడా సిలబస్‌లో వచ్చే ప్రూఫులు ఏవో చూసి అవే రాయించండి. పటానికి విడిగా మార్కులు ఉంటాయి, అది మాత్రం పెన్సిల్‌తో స్కేలు పెట్టి గీయించండి.

ఉమ_డాలస్

వెంకటేశ్వర్లు గారూ, థాంక్స్ అండీ. గుంటూరులో నేనూ అలాగే చేయించేదాన్ని. ఇక్కడి ఇబ్బంది వేరు. ఫలానా సిద్ధాంతం రాయండి అని అడగరు. ప్రతిసారీ కొత్త పటం, కొత్త గివెన్. కంఠస్థం చేయడానికి ఏమీ ఉండదు.

కిరణ్_ప్లేనో

నేను టీచర్ని కాదండీ, మా అబ్బాయికి ఇంట్లో చెబుతుంటాను. నా అనుభవంలో దీనికి ఒకే మందు, చివర నుంచి మొదలుపెట్టించడం. ఏం నిరూపించాలి? AC ∥ BD. దానికి ఏం కావాలి? ఏకాంతర కోణాలు సమానమని తెలియాలి. దానికి ఏం కావాలి? త్రిభుజాలు సర్వసమానమని తెలియాలి. అలా వెనక్కి నడుస్తూ గివెన్ దగ్గరికి చేరితే అయిపోయింది, తిరగేసి రాసుకోవడమే.

ఇంకో మాట. ఈ రెండు కాలమ్‌ల గొడవ అనవసరం. గణితం చేసేవాళ్లు ఎవరూ అలా రాయరు. పేరాగ్రాఫ్‌లా రాయనిస్తే సగం భయం పోతుంది.

పద్మజ_టీచర్

ఉమ గారూ, న్యూజెర్సీలో చాలా ఏళ్లుగా జామెట్రీ చెబుతున్నాను. మీ మూడు రకాల పేపర్లకూ జబ్బు ఒకటి కాదు, కాబట్టి ఒకే మందు పనిచేయదు. విడివిడిగా చెబుతాను.

ముందు కిరణ్ గారి మాట. వెనక నుంచి ఆలోచించడం మంచి పద్ధతే, కానీ అది రెండో మెట్టు. "AC ∥ BD అనడానికి ఏం కావాలి?" అని అడిగితే మీకు వెంటనే ఏకాంతర కోణాలు గుర్తొచ్చాయి. ఆగిపోయే పిల్లలకు రానిదే అది. వాళ్ల బుర్రలో సిద్ధాంతాలు పుస్తకంలో చెప్పిన వరుసలో ఉంటాయి, ఏ పనికి ఏది వాడాలి అనే వరుసలో ఉండవు. అలాంటి పిల్లను వెనక నుంచి ఆలోచించమంటే పైన ఆగిపోయే బదులు కింద ఆగిపోతుంది, అంతే తేడా.

గివెన్ తర్వాత ఆగిపోయే పిల్లలు తడబడేది ప్రూఫు దగ్గర కాదు, ఒక్క అడుగు దగ్గర. ఒక వాక్యం ఇస్తే దాని నుంచి న్యాయంగా ఏం రాబట్టవచ్చో వాళ్లకు తెలియదు. ఆ ఒక్క అడుగునీ మనం విడిగా ఎప్పుడూ నేర్పం. సిద్ధాంతాలు చెబుతాం, వెంటనే ఆరు వరుసల ప్రూఫు ఇచ్చేస్తాం. డెలావేర్ యూనివర్సిటీలో మిషెల్ సిరిల్లో అనే ఆవిడ ప్రూఫ్ బోధన మీద చాలా కాలం పనిచేశారు. ప్రూఫు రాయడానికి ముందు విడిగా నేర్పాల్సిన వాటిలో ఆవిడ దీన్ని కూడా చేర్చారు: పటం, ఒక గివెన్ ఇచ్చి, దాని నుంచి ఒక ముగింపు మాత్రమే రాబట్టించడం. నా క్లాసులో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇదే.

ఎలా చేయిస్తానో చెబుతాను. చిన్న కార్డు మీద ఒక పటం, ఒకే ఒక్క గివెన్. నిరూపించాల్సింది ఏమీ ఉండదు. పిల్లలు రాయాల్సింది ఒక వాక్యం, దానికి ఒక కారణం. ఉదాహరణకు, త్రిభుజం ABC లో BD అనేది ∠ABC కి సమద్విఖండన రేఖ, D బిందువు AC మీద ఉంది. దీని నుంచి ఏం వస్తుంది? ∠ABD = ∠CBD, అంతవరకే. కానీ క్లాసులో కనీసం సగం మంది AD = DC అని రాస్తారు. కోణాన్ని సగం చేసిన గీత ఎదురు భుజాన్ని కూడా సగం చేస్తుందని వాళ్ల కంటికి అనిపిస్తుంది. ఇదే తప్పు ఆరు వరుసల ప్రూఫు మధ్యలో వస్తే మనకు కనబడదు, "ప్రూఫ్ రాదు" అని మాత్రమే అనుకుంటాం. కార్డు మీద అయితే వెంటనే బయటపడుతుంది.

కార్డు వెనకవైపు రెండో ప్రశ్న ఉంటుంది: "ఈ పటంలో నిజంలా కనిపిస్తున్నా, ఇంకా రాయకూడనిది ఏది?" పిల్లలు ఎక్కువగా వాదించుకునేది దీని మీదే. పటం చూసి తీసుకోదగినవి కొన్ని ఉన్నాయి: రెండు గీతలు ఒక బిందువు దగ్గర కలుస్తున్నాయి, మూడు బిందువులు ఒకే గీత మీద ఉన్నాయి, ఒక బిందువు మిగతా రెండింటి మధ్య ఉంది. పొడవులు సమానమని, లంబకోణమని, సమాంతరమని మాత్రం పటం చూసి చెప్పకూడదు. ఈ తేడా తెలియనివాళ్లలోనే కొందరు పటంలో నిజంలా కనిపించినదాన్నే రాసేస్తారు, కొందరు భయపడి ఏదీ రాయరు. మీ రెండో రకం, మొదటి రకం పేపర్లు అక్కడి నుంచే వచ్చాయి.

నిఖిల్_సోఫమోర్

నమస్తే ఆంటీ. నేను పదో గ్రేడ్, పోయిన సంవత్సరం జామెట్రీ అయింది. పద్మజ ఆంటీ చెప్పింది కరెక్ట్. నాకు సిద్ధాంతాలు తెలుసు, కానీ ఏది రాయొచ్చో తెలిసేది కాదు. శీర్షాభిముఖ కోణాలు గివెన్‌లో లేవు కదా, అవి రాస్తే మార్కులు కట్ అవుతాయేమో అని వదిలేసేవాణ్ణి. అది లేకపోతే ప్రూఫ్ ముందుకు వెళ్లదు. ఎవరైనా "గివెన్‌లో లేకపోయినా పటం నుంచి ఇవి తీసుకోవచ్చు" అని ఒక లిస్ట్ ఇచ్చి ఉంటే బాగుండేది.

ఉమ_డాలస్

నిఖిల్, ఇది చాలా పనికొచ్చే మాట. మా లెక్కలో కూడా ∠AMC = ∠BMD గివెన్‌లో లేదు. ఖాళీ పేపర్లలో చాలావాటిలో AM = BM, CM = DM వరకు రఫ్‌గా పటం మీద గుర్తులు పెట్టుకున్నారు, అక్కడ ఆగారు. మూడో ముక్క తమంతట తామే తేవాలని వాళ్లకు తెలియదు.

పద్మజ గారూ, ఒక్క అడుగు వచ్చాక గొలుసు ఎలా కట్టిస్తారు?

లక్ష్మి_ఎడిసన్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా పాప ప్రూఫ్ మొత్తం సరిగ్గా రాసినా, గివెన్‌ని మొదటి వరుసలో విడిగా రాయలేదని టీచర్ మార్కులు తీసేశారు. రెండో వరుసలో "M మధ్యబిందువు కాబట్టి AM = BM" అని రాసింది. అది తప్పా? ఇప్పుడు ప్రూఫ్ అంటేనే ఏడుస్తోంది.

పద్మజ_టీచర్

లక్ష్మి గారూ, పాప రాసిన తర్కంలో తప్పు లేదు. మొదటి వరుసలో గివెన్ రాయడం ఆ రూపం పెట్టుకున్న నియమం. టీచర్ దాన్ని ముందే స్పష్టంగా చెప్పి ఉంటే పాటించాలి. కానీ నేనైతే నేర్పే దశలో రూపానికి మార్కులు తీయను. తర్కానికి ఒక మార్కు, రూపానికి ఒక మార్కు అని విడగొట్టి చూపిస్తాను. ఆలోచన సరైనదేనని పాపకు తెలియాలి కదా. టీచర్‌కి మెయిల్ పెట్టి, ఏ వరుసలు తప్పనిసరో ఒక నమూనా అడగండి.

ఉమ గారూ, ఇక గొలుసు. ఇక్కడ నేను రెండు కాలమ్‌లు పక్కన పెట్టేస్తాను. ఆలోచన ఒక వరుసలో సాగదు కానీ కాలమ్ మాత్రం ఒక వరుసలో రాయమంటుంది. మీ లెక్కే తీసుకోండి. AM = BM, CM = DM, ∠AMC = ∠BMD, ఈ మూడింటిలో ఏది ముందు, ఏది తర్వాత అనే ప్రశ్నే లేదు, మూడూ పక్కపక్కన ఉంటాయి. కాలమ్‌లో రాయాలంటే పిల్లవాడు ఒకదాన్ని ముందు పెట్టాలి, ఏది పెట్టాలో తెలియక ఆగిపోతాడు. అందుకే ముందు పెట్టెలు గీయిస్తాను. పైన మూడు పెట్టెలు, వాటి నుంచి మూడు బాణాలు "△AMC ≅ △BMD" అనే పెట్టెలోకి. దాని నుంచి ఒక బాణం ∠MAC = ∠MBD కి, అక్కడి నుంచి AC ∥ BD కి. ప్రతి బాణం పక్కన కారణం.

పిల్లలు గమనించాల్సింది బాణాల సంఖ్య. సర్వసమానం అనే పెట్టెలోకి మూడు బాణాలు రావాలి. రెండే వచ్చాయంటే ఒకటి వెతకాలి. ఎక్కడ వెతకాలి? ఉమ్మడి భుజం ఉందా, ఉమ్మడి కోణం ఉందా, శీర్షాభిముఖ కోణాలు ఉన్నాయా. నిఖిల్ అడిగిన లిస్టు ఇక్కడ వాడుకోవాలి. గివెన్‌లో చెప్పకపోయినా పటమే ఇచ్చేవి మొదట్లో దాదాపు ఈ మూడే. "నాకు రాదు" అనే పిల్ల "నాకు ఒక బాణం తక్కువైంది" అనగలిగితే చాలు, ఏం వెతకాలో తనకే తెలుస్తుంది.

కిరణ్ గారి పద్ధతి ఇప్పుడు వస్తుంది. చివరి పెట్టె ముందు గీసి, "దీనిలోకి బాణం ఎక్కడి నుంచి రావచ్చు?" అని అడుగుతాను. దానికి సాయంగా కారణాల పట్టికను పాఠాల వరుసలో కాకుండా పనుల వరుసలో ఇస్తాను. 'రెండు గీతలు సమాంతరమని చెప్పాలంటే' అనే శీర్షిక కింద మూడు దారులు. 'రెండు కోణాలు సమానమని చెప్పాలంటే' కింద నాలుగైదు. 'రెండు త్రిభుజాలు సర్వసమానమని చెప్పాలంటే' కింద ఐదు. అంతా ఒక పేజీలో పడుతుంది. పిల్లలు పై నుంచి కొంత, కింద నుంచి కొంత నింపి మధ్యలో కలుపుతారు. పెద్దవాళ్లు ఆలోచించేదీ అలాగే.

కిరణ్_ప్లేనో

ఇది బాగుంది మేడమ్. వెనక నుంచి రమ్మంటే మావాడు ఎందుకు చిరాకు పడేవాడో అర్థమైంది. తనకు పట్టిక లేదు, నా బుర్రలో ఉంది.

కానీ పెట్టెలు గీశాక ప్రూఫ్ అయిపోయినట్టే కదా? మళ్లీ కాలమ్‌లలోకి ఎందుకు ఎక్కించడం?

పద్మజ_టీచర్

తర్కం అయిపోయినట్టే. కొన్ని స్కూళ్లలో ఫ్లో చార్ట్‌ని ప్రూఫ్‌గా ఒప్పుకుంటారు కూడా. కాలమ్‌ల వల్ల నాకు కనిపించే లాభం ఒకటి: ప్రతి వాక్యానికీ పక్కన ఒక ఖాళీ గడి ఉండి కారణం అడుగుతుంది. పేరాగ్రాఫ్‌లో పిల్లలు కారణం చెప్పకుండా దాటేస్తారు, దాటేశామని వాళ్లకే తెలియదు. మీరు పేరాగ్రాఫ్ వైపు ఉన్నారు, అలా బాగా రాసే పిల్లలూ ఉన్నారు. దీని మీద టీచర్లలోనే ఏకాభిప్రాయం లేదు.

ఇక కాలమ్‌లలోకి ఎక్కించే దశ. మీ లెక్క మొత్తం రాస్తే ఇలా ఉంటుంది:

| స్టేట్‌మెంట్ | రీజన్ |
|---|---|
| 1. AB కి, CD కి M మధ్యబిందువు | గివెన్ |
| 2. AM = BM, CM = DM | మధ్యబిందువు నిర్వచనం |
| 3. ∠AMC = ∠BMD | శీర్షాభిముఖ కోణాలు సమానం |
| 4. △AMC ≅ △BMD | భు.కో.భు. (2, 3 నుంచి) |
| 5. ∠MAC = ∠MBD | సర్వసమాన త్రిభుజాల్లో సదృశ కోణాలు |
| 6. AC ∥ BD | ఏకాంతర కోణాలు సమానమైతే గీతలు సమాంతరం |

నాలుగో వరుసలో "2, 3 నుంచి" అన్నది చూడండి. పుస్తకాల్లో సాధారణంగా ఉండదు, నేను తప్పనిసరి చేస్తాను. బాణాలు కాలమ్‌లలోకి వచ్చేసరికి మాయమవుతాయి, ఆ అంకెలు వాటిని నిలబెడతాయి. మీ మూడో రకం పిల్లలకు, అంటే అన్నీ రాసి అతకనివాళ్లకు, చాలావరకు ఇదే మందు. ఏ వరుస నంబరూ తర్వాత ఎక్కడా వాడలేదంటే ఆ వరుస అనవసరమని వాళ్లే కొట్టేస్తారు.

ఈ ఆరు వరుసలనీ కాగితం ముక్కలుగా కత్తిరించి, కలిపేసి ఇస్తాను. వాక్యాలు వేరు, కారణాలు వేరు. ఇద్దరేసి కూర్చుని పేర్చాలి. అందులో ఒక దొంగ ముక్క కలుపుతాను: "∠MAC = ∠MBD, ఎందుకంటే AC ∥ BD, ఏకాంతర కోణాలు". మీ రెండో రకం పిల్లలు చేసిన తప్పు అదే. ఏది నిరూపించాలో దాన్నే వాడుకుంటున్నారు. ముక్క చేతిలో ఉన్నప్పుడు "ఇది ఎక్కడ పెడతావు? దీనికి ముందు AC ∥ BD ఏ వరుసలో వచ్చింది?" అని అడిగితే చాలు. ఎక్కడా రాలేదు, చివరే వస్తుంది. ఏకాంతర కోణాల సిద్ధాంతం ఒకటి, దాని విపర్యయం ఇంకొకటి అని ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కనిది, ఆ ముక్క పట్టుకుని చోటు దొరక్కపోతే ఎక్కుతుంది.

దీనికి తోడు ఇంకో చిన్న పని. పటం కావాలనే వంకరగా గీయండి. M మధ్యలో ఉన్నట్టు కనిపించకూడదు, AC, BD సమాంతరంగా కనిపించకూడదు. స్కేలు పెట్టి చక్కగా గీసిన పటం జవాబు ముందే చెప్పేస్తుంది, కంటికి కనిపిస్తున్నదాన్ని నిరూపించడం ఎందుకని పిల్లలు అనుకుంటారు. వంకర పటంలో గివెన్ తప్ప ఆధారం ఉండదు.

వెంకటేశ్వర్లు_సిద్దిపేట

పద్మజ గారూ, వంకర పటం మాత్రం మా దగ్గర కుదరదండీ. పటం నీట్‌గా లేకపోతే పేపరు దిద్దేవాళ్లు ఒప్పుకోరు, పిల్లలకు మార్కులు పోతాయి.

కానీ ముక్కలు పేర్చే పని నాకు నచ్చింది. మా వాళ్లు థేల్స్ సిద్ధాంతం గడగడా రాస్తారు. త్రిభుజం పేరు ABC బదులు PQR అని ఇచ్చి, సమాంతర రేఖ DE బదులు XY అని పెడితే అక్కడే ఆగిపోతారు. కంఠస్థం చేసింది అక్షరాలను, తర్కాన్ని కాదని నాకూ తెలుసు, ఉన్న సమయంలో ఏం చేయాలో తెలియక వదిలేశాను. ఉపపత్తిని ముక్కలుగా కత్తిరించి, అక్షరాలు మార్చి ఇస్తే ఒక పీరియడ్‌లో అవుతుందేమో. మా క్లాసులో యాభై మంది ఉంటారు, ఇద్దరికో సెట్టు అంటే ఇరవై అయిదు సెట్లు కత్తిరించాలి.

పద్మజ_టీచర్

సార్, కత్తిరించకుండానే చేయొచ్చు. బోర్డు మీద వరుసలు తారుమారుగా రాసి, ముందు అక్షరాలు వేయండి: క, చ, ట, త, ప. పిల్లలు నోట్‌బుక్‌లో క్రమం మాత్రమే రాయాలి. దొంగ వరుస ఒకటి కలపడం మాత్రం మరచిపోకండి. వంకర పటం క్లాసు వరకే, పరీక్షలో నీట్‌గానే గీయమనండి.

ఉమ_డాలస్

ఈ రెండు వారాలు చేసి చూసి వచ్చాను. కార్డులతో మొదలుపెట్టాను. కోణ సమద్విఖండన కార్డు దగ్గర నా క్లాసులోనూ AD = DC అన్నవాళ్లే ఎక్కువ. ఒక అబ్బాయి లేచి బోర్డు మీద BA చాలా పొట్టిగా, BC చాలా పొడుగ్గా ఉన్న త్రిభుజం గీసి, AD, DC సమానం కావని అందరికీ చూపించాడు. తర్వాత పెట్టెలు, బాణాలు. ఖాళీ పేపర్లు బాగా తగ్గాయి.

ఇప్పుడు రెండు కొత్త చిక్కులు. ఒకటి, కారణాలు ఖాళీగా వదిలిన వర్క్‌షీట్ ఇస్తే బాగా నింపుతున్నారు, కానీ నాకు అనుమానంగా ఉంది. వాక్యంలో 'మధ్యబిందువు' అని ఉంటే కారణం గడిలో 'మధ్యబిందువు నిర్వచనం' అని మాట చూసి మాట వేస్తున్నారేమో.

రెండోది, త్రిభుజాలు ఒకదానిపై ఒకటి పడే పటం వస్తే మళ్లీ ఆగిపోతున్నారు. AB = AC, D బిందువు AB మీద, E బిందువు AC మీద, AD = AE. BE = CD అని నిరూపించాలి. పెట్టెలు గీశారు, మూడో బాణం కోసం శీర్షాభిముఖ కోణాలు వెతికారు. BE, CD కలిసేచోట అవి ఉన్నాయి కదా! వాటినే తెచ్చి పెట్టారు.

పద్మజ_టీచర్

మొదటి అనుమానం నిజమే అయ్యుంటుంది. ఖాళీలు నింపడం ఎక్కువ రోజులు సాగితే పిల్లలు ప్రూఫు చదవరు, గడినే చదువుతారు. కనిపెట్టడం తేలిక. నింపిన షీటులో ఒక వరుసను చేత్తో మూసి, "ఇది తీసేస్తే ఏ వరుస కూలిపోతుంది?" అని అడగండి. మూడో వరుస మూస్తే నాలుగోది కూలుతుందని చెప్పగలిగితే అర్థమైనట్టు. చెప్పలేకపోతే మాట చూసి మాట వేసినట్టు. తర్వాతి షీటులో తిరగేయండి: కారణాలు ఇచ్చి, వాక్యాలు ఖాళీగా వదలండి. 'భు.కో.భు.' అని మాత్రమే ఉంటే త్రిభుజాలు ఏవో, అక్షరాల వరుస ఏమిటో వాళ్లే తేల్చుకోవాలి. ఇది చాలా కష్టం, చూస్తారు. ఆ తర్వాత ఖాళీ కాగితం, కానీ పెట్టెల పథకం పక్కన పెట్టుకుని. చివరికి అదీ లేకుండా. ఎన్ని వరుసలు వస్తాయో మాత్రం ముందే నంబర్లు వేసి ఇవ్వకండి, ఆ సంఖ్య చేరడానికి ఏదో ఒకటి రాసి నింపుతారు.

రెండోదానికి, పటంలోంచి ఆ రెండు త్రిభుజాలనూ బయటకు తీసి పక్కపక్కన విడిగా గీయించండి. కానీ ఏ త్రిభుజాలు? అది చివరి పెట్టె చెబుతుంది. BE ఒక త్రిభుజంలో, CD ఇంకో త్రిభుజంలో ఉండాలి. △ABE, △ACD విడిగా గీసి, పెద్ద పటంలోని గుర్తులు వాటి మీదికి ఎక్కించమనండి. అప్పుడు A అనే అక్షరం రెండు పటాల్లోనూ కనిపిస్తుంది. "రెండింటిలోనూ ఉన్నది ఏది?" అని అడగండి, ∠A అని వాళ్లే అంటారు. AB = AC, ∠A ఉమ్మడి, AE = AD. భు.కో.భు., అయిపోయింది. శీర్షాభిముఖ కోణాలు ఈ రెండు త్రిభుజాల్లో దేనికీ కోణాలు కావని విడిగా గీసిన పటంలో కళ్లకు కనిపిస్తుంది. ఉమ్మడి పటంలో ఎంత చెప్పినా కనిపించదు.

నిఖిల్_సోఫమోర్

△ABE ≅ △ACD అని రాయాలి కదా, △ABE ≅ △ADC అని రాస్తే తప్పా? నాకు దీని మీద ఎప్పుడూ మార్కులు పోయేవి.

పద్మజ_టీచర్

తప్పే నిఖిల్. △ABE ≅ △ADC అంటే AB = AD అన్నట్టు అవుతుంది, అది నిజం కాదు కదా. విడిగా గీసిన త్రిభుజాలను ఒకే దిక్కుకు తిప్పి గీస్తే ఈ తప్పు దాదాపు రాదు. రెండింటిలోనూ A పైన, ఒకదానిలో B ఉన్న చోట రెండోదానిలో C, E ఉన్న చోట D వచ్చేలా పెట్టి, రెండింటినీ ఒకే వరుసలో చదువుకుంటూ రాయి.

లక్ష్మి_ఎడిసన్

మెయిల్ పెట్టాను పద్మజ గారూ. ఏ వరుసలు తప్పనిసరో టీచర్ నమూనా పంపారు, పాత పేపరు కూడా మళ్లీ చూస్తామన్నారు. పాపతో ఆ పెట్టెలు గీయిస్తున్నాను. తనకు అవి నచ్చాయి, కానీ క్లాసులో కాలమ్‌లే రాయాలంటోంది. పరీక్షలో పెట్టెలు గీయడానికి టైమ్ సరిపోతుందా?

కిరణ్_ప్లేనో

మావాడు పెట్టెలు గీయడు. పటం మీదే రంగు పెన్నుతో గుర్తులు పెట్టుకుని, పక్కన 1, 2, 3 అని వేసుకుని నేరుగా కాలమ్‌లకు వెళ్తాడు. అతనికి అది చాలు.

పద్మజ_టీచర్

టైమ్ సంగతి పిల్లను బట్టి ఉంటుంది లక్ష్మి గారూ. షారన్ సెంక్ 1985లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదంతా ప్రూఫులతో జామెట్రీ చదివాక కూడా పుస్తకంలోని మామూలు ప్రూఫులు బాగా రాయగలిగిన అమెరికా పిల్లలు సుమారు 30 శాతమే. పావు వంతు మందికి దాదాపు ఏమీ రాలేదు. అందుకే నేను పెట్టెలను తొందరగా తీసేయను. కిరణ్ గారి అబ్బాయిలా కొందరు తమంతట తామే వదిలేస్తారు. మిగతావాళ్లకు పరీక్షలో రఫ్ కాగితం మీద కారణాలు లేకుండా, వాక్యాలు మాత్రం పొట్టిగా రాసి బాణాలు పెట్టుకోమంటాను. రెండు నిమిషాల పని. ఎప్పుడు మానిపించాలి అన్నదానికి నా దగ్గర గట్టి కొలత లేదు. మా స్కూల్లోనే ఇంకో టీచర్ మొదటి యూనిట్ అవగానే ఆపేస్తారు, ఆవిడ పిల్లలూ బాగానే రాస్తారు.

ఉమ_డాలస్

రేపు △ABE, △ACD విడిగా గీయిస్తాను, వరుస మూసి అడిగే ప్రశ్న కూడా వేస్తాను. వెంకటేశ్వర్లు గారూ, మీ థేల్స్ ఉపపత్తి దొంగ వరుసతో సహా తయారైతే ఇక్కడ పెట్టండి, నేను కూడా వాడుకుంటాను.

వెంకటేశ్వర్లు_సిద్దిపేట

తప్పకుండా మేడమ్. దొంగ వరుస ఒకటి ఇప్పటికే తట్టింది. థేల్స్ సిద్ధాంతం ఉపపత్తిలో △BDE, △CDE వైశాల్యాలు సమానమని రాసేచోట కారణం "ఒకే భూమి, ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్నాయి" అని రావాలి. మా పిల్లలు "సర్వసమాన త్రిభుజాలు కాబట్టి" అని రాస్తుంటారు. అదే పెడతాను.